కొస కుంగితే గోడ దగ్గర చూడండి

బీమ్ విరగకుండా నిలవడం ఒక సంగతి, వంగకుండా నిలవడం ఇంకో సంగతి. మొదటిదాని గురించి అందరూ అడుగుతారు. రెండోది టైల్స్ పగిలాకో, బాల్కనీ తలుపు నేలకు రాసుకున్నాకో గుర్తొస్తుంది.

గోడలోంచి మూడు మీటర్లు బయటికి వచ్చిన స్టీలు బీమ్‌ను తీసుకుందాం. ఒక చివర గోడ దగ్గర గట్టిగా బిగించి ఉంది, రెండో చివర కింద ఏ ఆధారమూ లేదు. దీన్నే కాంటిలీవర్ అంటారు. కొస మీద అడ్డ బీమ్, రెయిలింగ్, అక్కడ నిలబడే మనుషులు అంతా కలిపి సుమారు ఒక టన్ను, లెక్కలో 10 కిలోన్యూటన్లు, బరువు పడుతోంది. బీమ్ మన స్టీలు షాపుల్లో మామూలుగా దొరికే 200 మి.మీ. ఎత్తు ఐ సెక్షన్. డ్రాయింగుల్లో దాని పేరు ఐ.ఎస్.ఎం.బి. 200.

బలం చూస్తే ఇబ్బందేమీ లేదు. 10 కిలోన్యూటన్ల బరువు మూడు మీటర్ల దూరం నుంచి లాగుతుంది కాబట్టి గోడ దగ్గర బెండింగ్ మూమెంట్ 30 కిలోన్యూటన్ మీటర్లు. దానివల్ల స్టీలులో పుట్టే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు సుమారు 134 న్యూటన్లు. మామూలు నిర్మాణ స్టీలు 250 దగ్గర గానీ లొంగదు. అంటే విరుగుతుందన్న భయం లేదు. కొస మాత్రం 20 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. పగిలే గుణమున్న టైల్స్, గచ్చు మోసే కాంటిలీవర్ తన పొడవులో 180వ వంతుకు మించి కుంగకూడదని మన స్టీలు కోడ్ ఐ.ఎస్. 800 చెబుతుంది. కోడ్ ఆ హద్దును రాకపోకల బరువుకు పెట్టింది. మనం ఇక్కడ మొత్తం బరువుకూ అదే కొలత పెట్టుకుందాం. మూడు మీటర్లలో 180వ వంతు 16.7 మి.మీ. మన బీమ్ దాన్ని దాటేసింది.

మార్చాల్సింది బలం కాదు, వంగని గుణం. దాన్ని ఇంజినీర్లు EI అని రాస్తారు. E అంటే పదార్థపు బిగువు. స్టీలు ఏ కంపెనీదైనా అది దాదాపు ఒకటే, చదరపు మిల్లీమీటరుకు రెండు లక్షల న్యూటన్లు. I అంటే అడ్డకోతలో ఆ స్టీలు ఎలా పరుచుకుని ఉందో చెప్పే అంకె. మధ్య గీతకు దూరంగా ఎంత లోహం ఉంటే అది అంత పెద్దది. మన సెక్షన్‌కు I విలువ 2,235 సెంటీమీటర్ల నాలుగో ఘాతం. రెంటినీ గుణిస్తే EI 4,470 కిలోన్యూటన్ చదరపు మీటర్లు.

I పెంచే సులువైన దారి పైనా కిందా స్టీలు ప్లేట్లు వెల్డింగ్ చేయించడం. 80 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న ప్లేటు పైన ఒకటి, కింద ఒకటి వేస్తే I దాదాపు రెట్టింపవుతుంది. ఫ్లాంజి వెడల్పు 100 మి.మీ. కాబట్టి రెండు పక్కలా 10 మి.మీ. చొప్పున వెల్డుకు చోటు మిగులుతుంది. ఆ ప్లేట్లు బీమ్ పొడవునా వేయాలా? సగం చాలా? సగమే అయితే ఏ సగం? దీనికి జవాబు ఇచ్చేదే మూమెంట్ ఏరియా పద్ధతి. పాలిటెక్నిక్‌లో చదివినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. సూత్రాలు గుర్తున్నాయా లేదా అన్నది వేరే మాట.

బీమ్‌ను చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకోండి. ప్రతి ముక్కా తన మీద పడిన మూమెంట్‌ను బట్టి రవ్వంత కోణం వంగుతుంది. ఆ కోణం ఎంతంటే, ఆ చోట మూమెంట్‌ను అక్కడి EI తో భాగించి ముక్క పొడవుతో గుణించినంత. M/EI విలువల్ని బీమ్ పొడవునా గీసి పటం తయారుచేస్తే, ఆ పటంలో ఒక సన్నని చీలిక వైశాల్యమే ఆ ముక్క వంగిన కోణం. రెండు చోట్ల మధ్య ఉన్న చీలికలన్నీ కలిపితే ఆ రెండు చోట్ల వాలుల మధ్య తేడా వస్తుంది. ఇది మొదటి సిద్ధాంతం.

రెండోది ఇందులోంచే పుడుతుంది. ఒక ముక్క కాస్త వంగిందంటే దాని అవతల ఉన్న బీమ్ అంతా ఆ కోణంతో పాటు తిరుగుతుంది. కాబట్టి కొస ఎంత దిగుతుందన్నది ఆ కోణాన్ని ముక్క నుంచి కొసకున్న దూరంతో గుణిస్తే తేలుతుంది. అన్ని ముక్కల వాటాలూ కూడితే, M/EI పటం వైశాల్యాన్ని దాని గురుత్వ కేంద్రం నుంచి కొసకున్న దూరంతో గుణించినట్టే. నిక్కచ్చిగా చెప్పాలంటే ఇలా వచ్చేది ఒక చోట గీసిన స్పర్శరేఖ నుంచి రెండో చోటు ఎంత పక్కకు తప్పుకుందన్న కొలత. కాంటిలీవర్‌లో గోడ దగ్గరి స్పర్శరేఖ అడ్డంగా, కదలకుండా ఉంటుంది కాబట్టి ఆ కొలతే నేరుగా కుంగుబాటు అవుతుంది. రెండు వైపులా ఆనుకున్న బీమ్‌కు ఈ పద్ధతి వాడితే ఇంకో మెట్టు లెక్క పడుతుంది. కాంటిలీవర్‌కు అది అక్కర్లేదు.

జర్మన్ ఇంజినీరు ఒట్టో మోర్ 1868లో ఈ ఆలోచనకు పునాది వేశాడు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ చెప్పిన చార్ల్స్ ఎజ్రా గ్రీన్ 1873లో దీన్ని సిద్ధాంతాల రూపంలో పాఠంగా పెట్టాడు. కాలిక్యులస్‌తో రెండుసార్లు ఇంటిగ్రేషన్ చేసే దారి అప్పటికే ఉంది. కానీ EI మధ్యలో మారితే ఆ దారిలో ప్రతి భాగానికీ వేరే సమీకరణం రాసి, కలిసే చోట వాటిని అతకాలి. ఇక్కడ అతుకుల గొడవ లేదు. పటం ఆకారం మారుతుంది, అంతే.

ముందు ప్లేట్లు లేని బీమ్ చూద్దాం. మూమెంట్ గోడ దగ్గర 30, కొస దగ్గర సున్నా, మధ్యలో సరళరేఖ. EI ఎక్కడా మారదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి చివర్లో ఒకేసారి భాగిద్దాం. పటం ఒకే త్రిభుజం. వైశాల్యం 3లో సగం ఇంటు 30, అంటే 45. దాన్ని 4,470తో భాగిస్తే కొస వాలు 0.0101 రేడియన్, దాదాపు వందకు ఒకటి. త్రిభుజం గురుత్వ కేంద్రం కొస నుంచి 2 మీటర్ల దూరంలో ఉంటుంది. 45ను 2తో గుణిస్తే 90, దాన్ని 4,470తో భాగిస్తే 0.0201 మీటరు. ఇందాక చెప్పిన 20 మి.మీ. ఇదే.

ఇప్పుడు గోడ వైపు మీటరున్నర మేర ప్లేట్లు వేశాం. అక్కడ EI రెట్టింపు, బయటి మీటరున్నరలో పాతదే. మూమెంట్ ఏమీ మారలేదు, ఎందుకంటే బరువూ దూరమూ అవే. మారింది భాగించే అంకె. గోడ దగ్గర 30ని 2తో భాగిస్తే 15. మెట్టు దగ్గరికి వచ్చేసరికి మూమెంట్ 15, గోడ వైపు నుంచి చూస్తే దాన్నీ 2తో భాగించాలి, 7.5. అదే మెట్టును కొస వైపు నుంచి చూస్తే భాగించేదేమీ లేదు, 15. అక్కడి నుంచి కొసకు సున్నా. అంటే పటం గోడ దగ్గర 15తో మొదలై 7.5కు దిగి, మెట్టు దగ్గర ఒక్కసారిగా మళ్లీ 15కు ఎగిరి, సున్నాకు వాలుతుంది. రంపపు పళ్ల లాంటి ఈ ఆకారాన్ని ఒకసారి కాగితం మీద గీసుకుంటే తర్వాతి లెక్కంతా కళ్లకు కనిపిస్తుంది.

ఆ ఎగురు చూసి బీమ్ అక్కడ విరిగిపోయిందనో, మడత పడిందనో అనుకోకూడదు. మెట్టు దగ్గర బీమ్ వాలు ఒకటే, రెండు వైపులా కలిసే ఉంటుంది. ఉన్నట్టుండి మారేది వంపు. మందంగా ఉన్న భాగం తక్కువ వంగుతూ వచ్చి, సన్నటి భాగం మొదలవగానే ఎక్కువ వంగడం మొదలవుతుంది. పటంలో నిలువు గీత చెప్పేది అంతే.

పటాన్ని మూడు ముక్కలు చేద్దాం. బయటి సగంలో ఒక త్రిభుజం ఉంది. దాని వైశాల్యం మీటరున్నరలో సగం ఇంటు 15, అంటే 11.25. లోపలి సగం నాలుగు పక్కల ఆకారం, పైగీత వాలుగా ఉంది. దాన్ని 7.5 ఎత్తున్న దీర్ఘచతురస్రంగానూ దాని మీద కూర్చున్న త్రిభుజంగానూ విడదీస్తే గురుత్వ కేంద్రాలు వెతుక్కోవాల్సిన పని ఉండదు. దీర్ఘచతురస్రం వైశాల్యం 11.25, పై త్రిభుజం 5.625. మూడూ కలిపితే 28.125. దీన్ని 4,470తో భాగిస్తే కొస వాలు 0.0063 రేడియన్, అంటే సుమారు 160కి ఒకటి.

కుంగుబాటుకు ఒక్కో ముక్క నుంచి కొసకు దూరం కావాలి. బయటి త్రిభుజానిది 1 మీటరు, దీర్ఘచతురస్రానిది 2.25, లోపలి త్రిభుజానిది 2.5. గుణించి చూస్తే వరుసగా 11.25, 25.31, 14.06 వస్తాయి. మొత్తం 50.62. దాన్ని 4,470తో భాగిస్తే 0.0113 మీటరు, అంటే 11.3 మి.మీ. హద్దు 16.7 కాబట్టి బీమ్ సునాయాసంగా గట్టెక్కింది.

ఈ అంకె నమ్మదగినదేనా అని చూసుకోవడానికి రెండు దార్లు ఉన్నాయి. బీమ్ పొడవునా ప్లేట్లు వేస్తే కుంగుబాటు సరిగ్గా సగం, 10.1 మి.మీ. అసలు వేయకపోతే 20.1. మన జవాబు ఈ రెంటి మధ్యే పడాలి, పడింది. రెండోది కొంచెం ఓపిక అడుగుతుంది. మెట్టు దగ్గర కుంగుబాటు విడిగా లెక్కేస్తే 3.15 మి.మీ. వస్తుంది. అక్కడి వాలు 0.00378. బయటి మీటరున్నర ఆ వాలుతో తిరగడం వల్ల కొస మరో 5.66 మి.మీ. దిగుతుంది. బయటి భాగం సొంతంగా వంగడం వల్ల 2.52 మి.మీ. మూడూ కూడితే మళ్లీ 11.3. ఇందులో సొంత వంపు చేసిన వాటా ఎంత చిన్నదో చూడండి. ప్లేట్లు వేశాక కూడా కొస కుంగుబాటులో దాదాపు నాలుగింట మూడు వంతులకు పైగా గోడ వైపు సగం చేస్తున్న పనే.

ప్లేట్లను గోడ దగ్గర కాకుండా బయటి సగానికి వేసి ఉంటే ఏమయ్యేది? అదే స్టీలు, అదే వెల్డింగ్ కూలి. లోపలి సగం పటంలో విలువలు 30 నుంచి 15కు దిగుతాయి, బయటి సగంలో 7.5 నుంచి సున్నాకు. ఇందాకటి పద్ధతిలోనే కూడితే కుంగుబాటు 18.9 మి.మీ. ఖర్చంతా చేసి తగ్గించింది 1.2 మి.మీ. గోడ వైపు వేసినప్పుడు తగ్గింది 8.8. కొస కుంగుతోంది కదా అని కొస దగ్గర బలం పెట్టించడం సహజంగా తోచే ఆలోచనే గాని, లెక్క దాన్ని ఒప్పుకోదు. గోడ దగ్గర మూమెంటూ ఎక్కువ, కొసకు దూరమూ ఎక్కువ. రెండూ ఒకదాన్నొకటి గుణించుకుంటాయి.

మీటరున్నర కూడా ఎక్కువేనేమో చూడొచ్చు. గోడ నుంచి కేవలం 75 సెంటీమీటర్ల మేర ప్లేట్లు వేస్తే కుంగుబాటు 14.3 మి.మీ. అదీ హద్దులోనే ఉంది. ఇక 2.25 మీటర్ల దాకా వేస్తే 10.2, మొత్తం మూడు మీటర్లూ వేస్తే 10.1. చివరి 75 సెంటీమీటర్ల ప్లేట్లు పదోవంతు మిల్లీమీటరు కోసం వేసినట్టు. ఆ రెండు ప్లేట్ల బరువు మీటరుకు సుమారు 15 కిలోలు కాబట్టి లాభనష్టాలు ఎవరైనా లెక్కేసుకోవచ్చు.

వాలు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గాని, కొస మీద రెయిలింగ్ నిలబెట్టేవాళ్లకు అది కావాలి. 1.1 మీటర్ల ఎత్తున్న గాజు రెయిలింగ్‌ను బీమ్ కొసకు బిగించారనుకోండి. ప్లేట్లు లేనప్పుడు వందకు ఒకటి వాలుతో దాని పైఅంచు 11 మి.మీ. బయటికి ఒరుగుతుంది. ప్లేట్లు వేశాక 7 మి.మీ. పక్కనే గోడకు బిగించిన నిటారు స్తంభం ఉంటే ఈ తేడా కంటికి తెలిసిపోతుంది.

విద్యార్థుల కాగితాల్లో తరచు కనిపించే తప్పు ఒకటుంది. మూమెంట్ పటాన్ని ఒకే త్రిభుజంగా గీసి, చివర్లో రెండు EI ల సగటుతో భాగించడం. ఇక్కడ అలా చేస్తే 90ని 4,470కి ఒకటిన్నర రెట్లతో, అంటే 6,705తో భాగిస్తాం, 13.4 మి.మీ. వస్తుంది. అసలు జవాబు 11.3. అంతకన్నా ముఖ్యం, ప్లేట్లు గోడ వైపున్నా కొస వైపున్నా సగటు పద్ధతి ఒకే జవాబు చెబుతుంది. నిజంలో ఒకటి 11.3, రెండోది 18.9. ఇంకో తప్పు దూరాలను కొస నుంచి కాకుండా గోడ నుంచి కొలవడం. అలా చేస్తే గోడ దగ్గరి పెద్ద వైశాల్యానికి చిన్న దూరం పడి, జవాబు మరీ చిన్నదై 7.6 మి.మీ. వస్తుంది. పొడవునా ప్లేట్లు వేసిన బీమ్ కుంగుబాటు 10.1 కన్నా తక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఈ లెక్కకు హద్దులున్నాయి. బీమ్ సొంత బరువు వదిలేశాం, దానివల్ల ఇంకో అర మిల్లీమీటరు దిగుతుంది. అది పెద్ద సంగతి కాదు. గోడ దగ్గరి బిగింపు అస్సలు తిరగదని అనుకోవడం మాత్రం పెద్ద సంగతే. ఆధారం 0.002 రేడియన్ తిరిగితే చాలు, మూడు మీటర్ల అవతల కొస 6 మి.మీ. అదనంగా దిగుతుంది. కాంటిలీవర్ వెనక ఇంట్లోకి సాగే బీమ్ పల్చగా ఉన్నప్పుడు, బోల్టులు వదులైనప్పుడు ఇదే జరుగుతుంది. లెక్క ప్రకారం 11 దిగాల్సింది 18 దిగిందంటే బీమ్‌ను అనుమానించే ముందు బిగింపును చూడాలి. బిగింపు తిరిగిందా, బీమ్ వంగిందా అని తేల్చడానికి మధ్యలోనూ కొలవాలి. బిగింపు తిరిగినప్పుడు వచ్చే అదనపు దిగుదల దూరంతో సమానంగా పెరుగుతుంది, మధ్యలో కొసలో సగం. బీమ్ వంపుతో వచ్చేది అలా ఉండదు. మన బీమ్‌లో కొస 11.3 దిగితే మధ్యలో 3.15 మాత్రమే, మూడో వంతుకు కూడా చాలదు. కాంక్రీటు బాల్కనీలకు ఈ అంకెలు నేరుగా అతకవు, ఎందుకంటే కాంక్రీటు పగిలిన చోట I తగ్గిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంకా సాగుతుంది.

కొత్తగా కట్టేవాళ్లకు నా సలహా మాత్రం వేరు. ఎత్తుకు చోటుంటే 250 మి.మీ. సెక్షన్ తెచ్చుకోవడమే మంచిది. దాని I రెట్టింపు కన్నా ఎక్కువ, వెల్డింగ్ తలనొప్పి లేదు, కుంగుబాటు 9 మి.మీ. దాటదు. మెట్ల బీమ్ ఉపయోగపడేది ఇప్పటికే కట్టేసిన దానికి బిగువు పెంచాల్సి వచ్చినప్పుడు, లేదా కింద ఎత్తు చాలనప్పుడు. అలాంటి చోట ఒక జాగ్రత్త తప్పనిసరి. బరువు మోస్తున్న బీమ్‌కు అలాగే ప్లేట్లు అతికితే అప్పటికే దిగింది దిగినట్టే ఉండిపోతుంది, ఆ తర్వాత పడే బరువుకే ప్లేట్లు పనిచేస్తాయి. ముందు జాకీలతో కొసను పైకి ఎత్తి ఆనించి, ఆ తర్వాతే వెల్డింగ్ చేయాలి.

మీ ఇంటి బాల్కనీకో, షాపు ముందు పందిరికో ఇలా ప్లేట్లు వేయిస్తుంటే ఒక్క ప్రశ్న అడగండి. ప్లేటు గోడ దగ్గర ఎక్కడ ఆగుతోంది? అది గోడకు ఒక అడుగు ముందే ఆగిపోతే, మూమెంట్ అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న చోట ప్లేటే లేనట్టు. ఆధారం దాకా వచ్చినా అక్కడ స్తంభం ఫ్లాంజికో, చివరి ప్లేటుకో పూర్తిగా వెల్డ్ చేయకపోతే దానిలోకి బలం చేరదు, లెక్కలో రాసుకున్న 2EI కాగితం మీదే మిగులుతుంది. వెల్డర్ నిచ్చెన దిగకముందే పైకెక్కి ఆ అతుకును మీ కళ్లతో చూసుకోండి.